మీ తాతయ్య సీకో ఫైవ్ గురించి

చి. శ్రీనుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన వాచీ ఫొటోలు చూశాను. ఇది ఏ మోడల్, అమ్మితే ఎంతొస్తుందని అడిగావు కదా. వాచీ పేరు డయల్ మీద ఉన్నా, మోడల్ తెలియాలంటే ముందు క్రౌన్ చూడాలి. టైం మార్చే ఆ చిన్న బుడిపె 3 దగ్గర కాకుండా 4 దగ్గర, కేసులోకి సగం దూరి ఉంది కదా? సీకో ఫైవ్ గుర్తు అదే. చేయి కదిలితే దానంతటదే కీ తిరిగే ఆటోమేటిక్ కాబట్టి క్రౌన్‌తో రోజూ పని లేదు. తిప్పినా కీ ఎక్కదు, పాడైందని కంగారుపడకు. 3 దగ్గర ఒకే కిటికీలో వారం, తేదీ పక్కపక్కన ఉన్నాయి, అదీ సరిపోయింది.

కేసు ఆకారం చూసి మోడల్ తేల్చబోకు. ఇలా గుండ్రని మూలల కేసులు సీకో చాలా చేసింది. వెనక మూత మీద 7009 అని, గీత తర్వాత ఇంకో నాలుగంకెలు ఉన్నాయి. మొదటిది మెషిన్ నంబర్, రెండోది కేసుది. ఆ రెండూ కలిపి నెట్‌లో వెతికితే అసలు వాచీ ఫొటోలు దొరుకుతాయి. సీరియల్ నంబర్ 45తో మొదలైంది. 4 అంటే సంవత్సరం చివరి అంకె, 5 అంటే మే నెల. దశాబ్దం అందులో ఉండదు. మీ తాతయ్య మస్కట్ నుంచి దీన్ని కొత్తగా పెట్టుకుని దిగింది 1985లో కాబట్టి ఇది 1984 మే నెలది.

ఇక అసలు సంగతి. ఆ నిగనిగలాడే నీలం డయల్ మీద ‘21 జువెల్స్’ అని ఉంది. జువెల్స్ అంటే మెషిన్ ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు. 7009 మెషిన్‌లో ఉండేవి 17. అక్షరాలు కూడా లావుగా, అలికినట్టున్నాయి. 6 కింద అంచున సన్నగా ఉండాల్సిన 7009 నంబర్ లేనే లేదు. డయల్‌కి మళ్లీ రంగు వేశారన్నమాట. తప్పు నాదేరా. చాలా ఏళ్ల కిందట క్లీనింగ్‌కని ఒక షాపులో ఇస్తే ఇలా మెరిసిపోతూ వచ్చింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం!

ధర విషయానికొస్తే, అమ్మేవాళ్లు అడిగే రేటు లెక్కలోకి రాదు. ఈబేలో `Sold Items` పెట్టి, నిజంగా అమ్ముడుపోయినవే చూడు. నేను చూసినంతలో అసలు డయల్‌తో నడిచే 7009 నాలుగు వేల దాకా పలుకుతుంది, రంగేసింది పదిహేను వందలు దాటడం కష్టం. కొనేవాడు సర్వీసింగ్‌కని అందులో ఇంకో ఏడెనిమిది వందలు కోస్తాడు. అంటే నీ చేతికి వచ్చేది ఏడెనిమిది వందలే.

అమ్మినా, ఉంచుకున్నా కేసుకి పాలిష్ మాత్రం పెట్టించకు. అంచులు అరిగితే ఆ కాస్త ధరా రాదు. అమ్మేటట్టయితే డయల్‌కి మళ్లీ రంగు వేసిందని ముందే చెప్పు. ఎనిమిది వందలకైతే నాకే ఇచ్చెయ్, మీ పెద్దమ్మకి చెప్పకు.

మీ పెదనాన్న