పేనుబంక చచ్చినా మొజాయిక్ తెగులు ఎందుకు ఆగదు?

ప్రశ్న: మిరప నాటి 40 రోజులైంది. చిగుళ్లలో పేనుబంక కనిపించగానే అంతర్వాహిక మందు కొట్టాం. రెండు రోజుల్లో పేనుబంక అంతా చచ్చింది. అయినా ఆకులు సన్నబడి, పసుపు చారలు పడిన మొక్కలు వారం వారం పెరుగుతూనే ఉన్నాయి. మందు పనిచేసినా తెగులు ఎందుకు ఆగలేదు? తెల్లదోమకు, తామర పురుగుకు కూడా ఇదే తీరా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు కుకుంబర్ మొజాయిక్ వైరస్ లక్షణాలతో సరిపోతున్నాయి. పేనుబంకను చంపడంలో మందు తన పని తాను చేసింది. అయితే ఈ వైరస్ మొక్క నుంచి మొక్కకు చేరడానికి పట్టే సమయం, మందు పురుగును చంపడానికి పట్టే సమయం కంటే ఎంతో తక్కువ. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే పేనుబంక నోటిని దగ్గరగా చూడాలి.

పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో లేత ఆకు అడుగు భాగాన్ని చూడండి. కదలకుండా ఉండి, మీసాలను వీపు మీదికి వాల్చుకున్న పేనుబంక రసం పీలుస్తోందని అర్థం. దాని తల కింద ఆకును తాకుతూ ఉండే ముక్కు వంటిది కేవలం ఒర మాత్రమే, అది ఆకులోకి దిగదు. లోపలికి దిగేవి ఆ ఒరలో ఉండే నాలుగు సూదులు, అవి వెంట్రుక కంటే ఎంతో సన్నగా ఉంటాయి. లోపలి రెండు సూదులు ఒకదానికొకటి అతుక్కుని రెండు గొట్టాలుగా ఏర్పడతాయి. ఒక గొట్టం గుండా రసం పైకి వస్తుంది, రెండో గొట్టం గుండా లాలాజలం మొక్కలోకి దిగుతుంది.

రెక్కల పేనుబంక కొత్త మొక్క మీద వాలగానే అది తనకు తగిన మొక్కో కాదో తెలుసుకోవడానికి పై పొరలోని కణాలను సూదితో పొడిచి రుచి చూస్తుంది. ఒక్కొక్క పోటు కొన్ని సెకన్ల పాటే ఉంటుంది. ఆ మొక్కలో వైరస్ ఉంటే అది సూది కొనకు అంటుకుంటుంది. పేనుబంక అక్కడి నుంచి ఎగిరి పక్క మొక్కను రుచి చూసినప్పుడు లాలాజలంతో పాటు ఆ వైరస్ కొత్త కణంలోకి దిగుతుంది. ఇంత సన్నని పోటుకు కణం చావదు కాబట్టి, బతికిన కణంలో మాత్రమే పెరగగలిగే వైరస్‌కు అది చక్కగా ఒదుగుతుంది.

మీ తోటలో జరిగింది బహుశా ఇలా ఉంటుంది. గట్టు మీది కలుపు మొక్కను రుచి చూసిన రెక్కల పేనుబంక ఒకటి మీ తోటలోకి వచ్చి, మొదటి మొక్కను రెండు మూడు చోట్ల పొడిచి, అది నచ్చక రెండో మొక్కకు, అక్కడి నుంచి మూడో మొక్కకు వెళ్లింది. ఇదంతా కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది. అంతర్వాహిక మందు పురుగుకు అందాలంటే అది సూదిని కణాల సందుల గుండా ఇంకా లోతుకు, ఆహారాన్ని మోసే నాళం దాకా దింపి నిలకడగా పీల్చాలి. ఆ తర్వాత కూడా అది చావడానికి ఇంకొంత సమయం పడుతుంది. రుచి చూసి వెళ్లిపోయే పురుగుకు ఆ మందు అందనే అందదు. మీరు చంపినవి చిగుళ్లలో కాపురం పెట్టిన గుంపులు, తెగులును తెచ్చినవి ఎక్కువగా వాలి వెళ్లిపోయినవి. పైగా వైరస్ సోకిన వారం పది రోజులకు గాని లక్షణాలు బయటపడవు కాబట్టి, ఈ వారం మీరు చూస్తున్న మొక్కల్లో చాలావాటికి మందు కొట్టక ముందే వైరస్ సోకి ఉండవచ్చు.

ఈ వైరస్‌కు ఒక బలహీనత ఉంది. అది సూది కొనకు పైపైన మాత్రమే అంటుకుని ఉంటుంది కాబట్టి, వైరస్ సోకని మొక్కలను నాలుగైదు సార్లు పొడిస్తే తుడుచుకుపోతుంది, పురుగు కుబుసం విడిచినప్పుడూ పోతుంది. తోట చుట్టూ రెండు మూడు వరుసలు ఒత్తుగా జొన్న గాని మొక్కజొన్న గాని వేయమని మేము చెప్పేది అందుకే. ఎగిరి వచ్చే పేనుబంక ముందు ఆ ఎత్తయిన పంట మీద వాలి, తన సూదిని అక్కడే శుభ్రం చేసుకుంటుంది. అయితే ఆ వరుసలు మిరప నాటేనాటికే ఎత్తుగా పెరిగి ఉండాలి, ఇప్పుడు వేస్తే ఈ పంటకు పెద్దగా అక్కరకు రావు.

ప్రస్తుతానికి తెగులు సోకిన మొక్కలను పీకి తోటకు దూరంగా పూడ్చండి, గట్ల మీది కలుపును తీసివేయండి. పంటలపై వాడడానికే తయారుచేసిన మినరల్ ఆయిల్‌ను లీటరు నీటికి 10 మి.లీ. చొప్పున కలిపి చల్లని వేళలో పిచికారీ చేస్తే, సూదికి వైరస్ అంటుకోవడం కొంత తగ్గుతుంది. అది పడిన ఆకులకే రక్షణ ఉంటుంది కాబట్టి, కొత్త చిగుళ్ల కోసం వారానికొకసారి మళ్లీ చల్లాలి. గంధకం మందుతో కలిపి గాని, దాని వెంటనే గాని చల్లితే ఆకులు మాడతాయి. ఇప్పటికే సోకిన మొక్కకు ఏ మందూ లేదని మాత్రం స్పష్టంగా చెప్పాలి.

తెల్లదోమ తీరు వేరు. దాని నోరు కూడా సూదుల నోరే అయినా, అది మోసే, ఆకుముడత తెగులు తెచ్చే జెమిని వైరస్ సూది కొనన ఆగదు. తెల్లదోమ ఆహార నాళం దాకా సూది దింపి కనీసం పది పదిహేను నిమిషాలు పీలిస్తే గాని ఆ వైరస్ దానికి అందదు. ఆ తర్వాత అది పేగు గోడ దాటి, శరీర ద్రవంలో కలిసి, లాలాజల గ్రంథులకు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది, అంతవరకు ఆ దోమ తెగులును అంటించలేదు. ఆ గడువే మందుకు దొరికే అవకాశం కాబట్టి ఇక్కడ తోటలోని దోమను చంపితే వ్యాప్తి నిజంగానే తగ్గుతుంది. కానీ ఒకసారి గ్రంథులకు చేరిన వైరస్ వారాల తరబడి దోమతోనే ఉంటుంది, కాబట్టి బయటి నుంచి వైరస్‌తో వచ్చే దోమలను ఆపడానికి నారుమడిపై 40-50 మెష్ వల కప్పడం మందు కంటే ముఖ్యం.

తామర పురుగు నోరు ఇంకో రకం. దానికి ఎడమ దవడ ఒక్కటే పనిచేస్తుంది, కుడి దవడ దాదాపు లేనట్టే. ఆ ఒక్క దవడతో కణానికి రంధ్రం చేసి, లోపల ఉన్నదంతా పీల్చేస్తుంది. ఖాళీ అయిన కణాల్లో గాలి నిండి ఆకు అడుగున వెండి మెరుపు కనిపిస్తుంది, ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటాయి. ఈ పై ముడతలో చాలా భాగం వైరస్ వల్ల కాదు, రసం పోవడం వల్ల వచ్చేదే, అందువల్ల పురుగు తగ్గితే కొత్త చిగురు బాగా వస్తుంది. జెమిని వైరస్ ముడతలో కొత్త చిగురు కూడా ముడుచుకునే వస్తుంది, కణుపులు దగ్గరై మొక్క గుబురుగా మారుతుంది. మీ తోటలో ఈ రెండింటినీ వేరుచేసి చూసుకోండి. తామర పురుగు మోసే మొవ్వుకుళ్లు జాతి వైరస్‌లను పిల్ల పురుగులు మాత్రమే తీసుకోగలవు, వాటిని అంటించేది ముఖ్యంగా పెద్ద పురుగులు. పిల్ల దశలో వైరస్ తీసుకోని పెద్ద పురుగు తర్వాత ఎంత పీల్చినా వాహకం కాలేదు. అందువల్ల ఆకు అడుగున పిల్ల పురుగులు కనిపించిన వెంటనే చర్య తీసుకోవాలి.

పొగాకు లద్దెపురుగుది కొరికి నమిలే నోరు. అది ఆకును తెగ్గోసి మింగుతుంది కాబట్టి ఆకు మీద రంధ్రాలు, కింద రెట్టలు కనిపిస్తాయి, ఆకుతో పాటు మింగించవలసిన బీటీ మందు దానిపై పనిచేస్తుంది. అదే బీటీ మందును పేనుబంక మీద గాని తెల్లదోమ మీద గాని చల్లితే ఫలితం ఉండదు, ఎందుకంటే వాటి సూదులు ఆకు పైన ఉన్న మందును వదిలి లోపలి రసాన్నే తీసుకుంటాయి.