నల్గొండ నుంచి తెల్లవారుజాము ఫ్లైట్: క్యాబా, బస్సా, మెట్రోనా?

ప్రశ్న: మాది నల్గొండ. శంషాబాద్ నుంచి ఉదయం 6:10కి ఢిల్లీ ఫ్లైట్. నేను, మా ఆవిడ, అమ్మ. రెండు పెద్ద సూట్‌కేసులు, మూడు చిన్న బ్యాగులు ఉన్నాయి. క్యాబ్ వాళ్లు నాలుగు వేలు అడుగుతున్నారు. బస్సులో ఎల్బీనగర్ దాకా పోయి అక్కడ మెట్రో ఎక్కితే చాలా డబ్బులు మిగులుతాయి కదా? ఎవరైనా అట్ల పోయినోళ్లు ఉంటే చెప్పండి.

జవాబు:

అన్నా, ముందు మెట్రో సంగతి తేల్చేద్దాం. ఎల్బీనగర్ మెట్రో మియాపూర్ వైపు, అంటే ఊళ్లోకి పోతుంది. ఎయిర్‌పోర్ట్ దాకా మెట్రో లైను ఇంకా లేదు. పైగా మొదటి రైలు ఉదయం ఆరు ప్రాంతంలో కదులుతుంది, మీ విమానం ఎగిరేది 6:10కి. కాబట్టి మెట్రోను పక్కన పెట్టేయండి. మిగిలింది క్యాబ్, లేదంటే ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆర్టీసీ ఎయిర్‌పోర్ట్ బస్సు పుష్పక్. నేను రెండు రకాలుగానూ పోయాను. మీలాగే అమ్మను తీసుకుని ఒకసారి, ఒంటరిగా రెండుసార్లు.

ముందు టైమ్ వెనక నుంచి లెక్కేయండి. దేశంలో తిరిగే విమానాలకు బ్యాగులు తీసుకునే కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, అంటే మీకు 5:10. బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూస్తారు, అంటే 5:45. తెల్లవారుజామున చాలా విమానాలు ఒకదాని వెంట ఒకటి పోతాయి కాబట్టి కౌంటర్ దగ్గరా సెక్యూరిటీ దగ్గరా లైన్లు ఉంటాయి. అమ్మ మెల్లగా నడుస్తారు. అందుకని 4:10కల్లా టెర్మినల్ ముందు దిగాలని పెట్టుకోండి. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా వచ్చి, అక్కడ ఔటర్ ఎక్కి శంషాబాద్‌లో దిగితే దాదాపు 115 కిలోమీటర్లు. రాత్రిపూట రెండు గంటలు, దారిలో ఒక చాయ్‌కి ఆగితే ఇంకో పది నిమిషాలు. అంటే ఇంటి నుంచి 1:45కి కదలాలి, బండి 1:30కి మీ గుమ్మం ముందు ఉండాలి.

ఆ టైమ్‌కి బస్సు, పుష్పక్ రెండూ అతికేలా కుదరడం చాలా కష్టం. అందుకే బస్సులో పోవాలంటే ముందు రోజు రాత్రే పోవాలి. నేను ఒక్కడినే పోయినప్పుడు అలాగే చేశాను. రాత్రి ఎనిమిదిన్నరకు నల్గొండ బస్టాండ్‌లో ఎక్కాను, పదకొండుకు ఎల్బీనగర్‌లో దిగాను, అక్కడ పుష్పక్ పట్టుకుని పన్నెండున్నరకు ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నాను. అన్నీ కలిపి ఐదు వందల లోపే అయింది. తెల్లవారే దాకా కుర్చీలోనే కూర్చున్నాను. నా దగ్గర భుజాన ఒక బ్యాగు, చేతిలో ఒక ట్రాలీ మాత్రమే. ఒంటరి మనిషికి, తక్కువ లగేజీ ఉన్నవాళ్లకి ఇప్పటికీ ఇదే మంచిదని నేను చెబుతాను.

మీకు మాత్రం లెక్క వేరు. ఎక్స్‌ప్రెస్ బస్సులో మీ ఆవిడకీ అమ్మకీ మహాలక్ష్మి పథకం కింద టికెట్‌కు డబ్బులు ఉండవు, తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ చూపిస్తే చాలు. అది పెద్ద ఊరట. కానీ ఆ బస్సులోనే లగేజీ పెట్టే చోటు ఉండదు. సీట్ల పైనున్న రాడ్ల మీద చిన్న బ్యాగు పడుతుంది, పెద్ద సూట్‌కేసు పట్టదు. దాన్ని డ్రైవర్ పక్కన ఇంజిన్ దగ్గరో, నడిచే దారిలోనో పెట్టాలి. చిట్యాలలో, చౌటుప్పల్‌లో ఎక్కేవాళ్లు దాన్ని దాటుకుంటూ పోతారు, మీరు ప్రతి స్టాపులో లేచి జరుపుతూ ఉంటారు. వెనక డిక్కీ ఉండేది సూపర్ లగ్జరీకి. దానికి ఉచిత ప్రయాణం వర్తించదు, ముగ్గురికీ టికెట్ తీసుకోవాలి. పుష్పక్‌లోనూ అంతే. అంటే డిక్కీ ఉన్న దారిలో పోతే ముగ్గురికీ కలిపి పదిహేను వందలకు దగ్గరగా అవుతుంది. క్యాబ్‌తో పోలిస్తే మీకు మిగిలేది రెండున్నర వేలు.

ఆ రెండున్నర వేలకు మీరు చేసే కష్టం ఎల్బీనగర్‌లో ఉంటుంది. బస్సు దించేది ఒక చోట, పుష్పక్ ఆగేది ఇంకో చోట. ఫ్లైఓవర్ల కింద ఆ చౌరస్తా దాటాలి. నా ట్రాలీ చక్రం డివైడర్ పక్కన ఉన్న జాలీలో ఇరుక్కుంది. నేను ఒక్కణ్ణే కాబట్టి ఎత్తుకుని దాటేశాను. ఇరవై కిలోల సూట్‌కేసులు రెండు, చేయి పట్టుకుని నడిపించాల్సిన అమ్మ, ముందు నుంచి వస్తున్న లారీలు... ఇద్దరు మనుషులు ఇవన్నీ ఒకేసారి చూసుకోలేరు. అక్కడ యాప్‌లో క్యాబ్ పెట్టుకుందాం అనుకుంటారు. నేను ఒకసారి ప్రయత్నించాను. ఒకాయన ఒప్పుకుని, ఫోన్ చేసి ఎటు పోవాలో అడిగి, రద్దు చేశాడు. తర్వాతి వాడూ అంతే. మూడో బండి దొరికేసరికి అరగంట పోయింది.

అందుకని మీ ముగ్గురికీ ఇంటి నుంచి క్యాబే సరైనది. అయితే క్యాబ్ అంటే పని అయిపోయిందని అనుకోకండి. నేను దెబ్బతిన్నది క్యాబ్‌లోనే.

మా అమ్మను మా చెల్లి దగ్గరికి పంపేటప్పుడు సెడాన్ మాట్లాడుకున్నాం. రాత్రి 1:40కి బండి వచ్చింది. డిక్కీ తెరిస్తే సగం నిండా గ్యాస్ సిలిండర్. సీఎన్‌జీ బండి అది. అడ్డంగా పడుకోబెట్టి ఇనుప పట్టీలతో బిగించి ఉంది, దాని ముందు మిగిలిన చోటు ఒక చిన్న ట్రాలీకి సరిపోతుంది. మా పెద్ద సూట్‌కేసు నిలువుగా పెట్టి చూశాం, మూత పడలేదు. పడుకోబెట్టి చూశాం, సిలిండర్‌కు తగిలి ఆగిపోయింది. చివరికి ఒకటి ముందు సీట్లో, ఇంకొకటి వెనక సీట్లో అమ్మకు నాకు మధ్యలో. అమ్మ రెండు గంటలు తలుపుకు ఆనుకుని కూర్చుంది. దిగేసరికి మోకాలు వంగలేదు, వీల్‌చైర్ అడగాల్సి వచ్చింది. బండి మాట్లాడేటప్పుడు నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆమెకు ఆ బాధ ఉండేది కాదు.

కాబట్టి మీరు అడగాల్సింది ఇది: "సీఎన్‌జీ బండా, పెట్రోల్ డీజిలా? డిక్కీ ఫొటో తీసి పంపు తమ్ముడూ." ముగ్గురు మనుషులు, రెండు పెద్ద సూట్‌కేసులు అంటే సిలిండర్ లేని సెడాన్‌లో అవి కష్టం మీద పడతాయి, చిన్న బ్యాగులు ఒళ్లో పెట్టుకోవాలి. ఎర్టిగా లాంటిదైతే వెనక మూడో వరుస మడిచేస్తే అన్నీ హాయిగా పడతాయి. అందులోనూ సీఎన్‌జీ ఉంటుంది కాబట్టి అదే ప్రశ్న అడగండి. మూడో వరుస నిలబెట్టి ఉంచితే దాని వెనక ఒక్క పెద్ద సూట్‌కేసు కూడా సరిగా పట్టదు. పైన క్యారియర్ ఉందంటారు, తాడు కడతామంటారు. కొద్ది దూరానికైతే ఫర్వాలేదు, రెండు గంటలు హైవే మీద అంటే నేను ఒప్పుకోను.

నాలుగు వేలు ఎక్కువా అంటే, అది అప్ అండ్ డౌన్ లెక్క. మిమ్మల్ని దించి డ్రైవర్ ఖాళీగా నల్గొండ రావాలి. రెండు వైపులా కలిపి 230 కిలోమీటర్లు. కిలోమీటరుకు పదిహేడు రూపాయల కంటే కొంచెం ఎక్కువ పడుతుంది, అర్ధరాత్రి బండికి అది అన్యాయం కాదు. బేరం చేయాల్సింది టోల్ దగ్గర. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్, ఆ తర్వాత ఔటర్ టోల్ ఉంటాయి. నాలుగు వేలలో అవి కలిశాయా, పార్కింగ్ కలిసిందా అని ముందే మాట పట్టుకోండి. లేదంటే టోల్ మిగుల్చుకోవడానికి డ్రైవర్ ఔటర్ ఎక్కకుండా ఎల్బీనగర్ లోపలి నుంచి తీసుకుపోతాడు. రాత్రి రోడ్లు ఖాళీగానే ఉంటాయి కానీ నాకు ఔటర్ అయితేనే టైమ్ మీద నమ్మకం. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేవో కూడా అడగండి. లేకపోతే హైవే టోల్ దగ్గర మామూలు కంటే ఎక్కువ కట్టాలి, పైగా అక్కడే పది నిమిషాలు పోతుంది.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. డ్రైవర్ పగలంతా ఏం చేశాడు? పెళ్లిళ్ల సీజన్లో రాత్రి పదకొండు దాకా పెళ్లి కిరాయి తోలి, రెండు గంటలు కూడా పడుకోకుండా మన దగ్గరికి వస్తారు. నార్కట్‌పల్లి దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది, తెల్లారుజామున మూడు గంటలకు కళ్లు వాటంతట అవే మూతపడతాయి. బండి ఒక పక్కకు మెల్లగా జరిగి మళ్లీ ఒక్క కుదుపుతో నిటారుగా వస్తే, మాట మధ్యలో జవాబు రాకపోతే, అద్దం దించి మొహం మీద గాలి తగిలించుకుంటూ ఉంటే అర్థం అదే. చౌటుప్పల్‌లో ఆపించి చాయ్ తాగించండి, పది నిమిషాలు నిలబెట్టండి. అందుకే నేను పైన చాయ్ టైమ్ లెక్కలో పెట్టాను. మీరు ముందు సీట్లో కూర్చోండి, ఆవిడను, అమ్మను వెనక పడుకోనివ్వండి. ముందు రోజు సాయంత్రం ఆరింటికి డ్రైవర్‌కు స్వయంగా ఫోన్ చేసి "పడుకున్నావా?" అని అడగండి. ట్రావెల్స్ ఆయనకు కాదు, తోలే మనిషికి.

మీకు వనస్థలిపురంలోనో హయత్‌నగర్‌లోనో చుట్టాలుంటే ఇంకో దారి ఉంది. మన నల్గొండ వాళ్లలో చాలామందికి ఆ పక్కన ఎవరో ఒకరు ఉంటారు. ముందు రోజు మధ్యాహ్నం సూపర్ లగ్జరీలో వచ్చేసి, రాత్రి వాళ్లింట్లో పడుకుని, 3:15కి అక్కడి నుంచి క్యాబ్‌లో పోవచ్చు. అమ్మకు నిద్ర దొరుకుతుంది, ఖర్చూ సగానికి తగ్గుతుంది. ఆ క్యాబ్ మాత్రం యాప్ మీద వదిలేయకండి. చుట్టాల కాలనీలో తెలిసిన డ్రైవర్‌ని పగలే మాట్లాడి పెట్టమనండి.

సూట్‌కేసులు ఇంట్లోనే తూకం వేయండి. చాలా టికెట్లలో మనిషికి 15 కిలోలు చెక్-ఇన్, 7 కిలోలు చేతి బ్యాగు. మీ ముగ్గురిదీ ఒకే బుకింగ్ అయితే మొత్తం 45 కిలోలు రెండు సూట్‌కేసుల్లో సర్దుకోవచ్చో లేదో మీ ఎయిర్‌లైన్‌ను అడగండి. 4:30కి కౌంటర్ ముందు సూట్‌కేసు విప్పి పచ్చడి సీసాలు ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి మార్చేవాళ్లను నేను ప్రతిసారీ చూస్తున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఫ్లైట్ పగలు దిగేలా ఉంటే అప్పుడు క్యాబ్ అక్కర్లేదు. బయటికి రాగానే పుష్పక్ ఎక్కి ఎల్బీనగర్‌లో దిగండి, ఆటో మాట్లాడి చౌరస్తా దాటించుకోండి, అక్కడ నల్గొండ సూపర్ లగ్జరీ వచ్చేదాకా ఆగండి. మా అమ్మ మొన్న అలాగే వచ్చింది.