శాతకర్ణి బిరుదుల్లో ఎంత నమ్మాలి?

ప్రశ్న: గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను, మాది విజయవాడ. గౌతమీపుత్ర శాతకర్ణి గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయని, శత్రువంశాన్ని మిగల్చకుండా తుడిచిపెట్టాడని నాసిక్ శాసనంలో ఉందట. ఇంట్లోవాళ్లే రాయించుకున్న పొగడ్త చరిత్ర ఎలా అవుతుంది?

జవాబు:

గుంటూరులో డిగ్రీ పిల్లలకి చాలా ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడిగేవారు. నేను ముందు శాసనం జోలికి వెళ్లేవాణ్ని కాదు, నాణెంతో మొదలుపెట్టేవాణ్ని.

ఎన్నికలప్పుడు మన గోడలు చూశారుగా. ఒక పార్టీ గుర్తు మీద సున్నం కొట్టి ఇంకో పార్టీ తన గుర్తు వేసుకుంటుంది. రెండు వానలు పడితే సున్నం వెనక నుంచి పాత గుర్తు తొంగిచూస్తుంది. శాతకర్ణి చేసింది దాదాపు ఇదే, కాకపోతే వెండి మీద. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో ఒక నిధి బయటపడింది. 13 వేలకు పైగా వెండి నాణేలు, అన్నీ శాతకర్ణి ఓడించిన క్షహరాత వంశపు రాజు నహపానుడివే. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద శాతకర్ణి తన అచ్చు మళ్లీ కొట్టించాడు. ఒక వైపు కొండ గుర్తు, చుట్టూ తన పేరు. రెండో వైపు ఉజ్జయిని గుర్తు, అంటే కూడిక గుర్తు నాలుగు కొసల్లో నాలుగు వలయాలు.

కరిగించి కొత్తవి పోయించవచ్చుగా అని మీరు అడగొచ్చు. కరిగించడం ఖర్చు, ఆలస్యం. ఉన్నదాని మీద ఒక దెబ్బ వేస్తే పని అయిపోతుంది. అంటే ఇందులో ప్రచారం ఎంతుందో సౌకర్యం కూడా అంతే ఉంది. దీన్ని పూర్తిగా 'శత్రువు ముఖం మీద ముద్ర కొట్టాడు' అనే వీరగాథగా చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. మిగిలిన దాదాపు నాలుగు వేల నాణేలు అచ్చు పడకుండానే అదే నిధిలో ఉన్నాయి. దాచుకున్నవాడికి ముఖం ఎవరిదైతేనేం, వెండి వెండే. రాజు చెప్పదలుచుకున్నది ఒకటి, సంతలో జనం పట్టించుకున్నది ఒకటి. ఆ తేడా ఈ నిధిలోనే కనిపిస్తుంది.

అలాంటి నాణెం ఒకటి నాకూ కావాలనిపించి బెజవాడలో ఒక అమ్మకందారు దగ్గర 1,800 రూపాయలకి కొన్నాను. ఇంటికి తెచ్చి భూతద్దం పెడితే అంచు చుట్టూ సన్నని గీత, అంటే మూసలో పోసిన అతుకు. ఇంకో సంగతి, కొత్త గుర్తూ పాత ముఖమూ రెండూ సమానంగా నున్నగా ఉన్నాయి. అసలు నాణెంలో అలా ఉండదు. కొత్త అచ్చు గట్టిగా పడ్డచోట పాత గీతలు నలిగి చదునైపోతాయి, అచ్చు అందని అంచుల్లో మాత్రం పాత ముక్కో, పాత అక్షరమో నిలిచి ఉంటుంది. ఆ నకిలీని పారేయలేదు, క్లాసులో చూపించడానికి పనికొచ్చింది. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు శాసనానికి వద్దాం. నాసిక్‌లో మూడో గుహలో ఉన్న ఆ పొగడ్త శాతకర్ణి వేయించింది కాదు. తల్లి గౌతమీ బాలశ్రీ వేయించింది, అదీ మనవడు పులుమావి 19వ ఏట, కొడుకు పోయాక. అంటే మీరు చదువుతున్నది యుద్ధం ముగిసిన మర్నాటి వార్త కాదు, కొడుకుని పోగొట్టుకున్న ముసలి రాణి తన ఇంటి పేరు నిలబెట్టుకునే మాట. ఇది ముందు మనసులో పెట్టుకుని బిరుదుల్ని ఒక్కొక్కటే బయటి సాక్ష్యంతో తడిమి చూడాలి.

'క్షహరాత వంశాన్ని నిరవశేషం చేసినవాడు' అన్నది నిలుస్తుంది. ఆ 9 వేల నాణేలే సాక్షి, పైగా నహపానుడి తర్వాత ఆ వంశపు రాజు ఎవరూ కనిపించరు. కానీ ఆవిడ చెప్పిన దేశాల జాబితా చూడండి: సురఠ, కుకుర, అపరాంత, అనూప, ఆకరావంతి, ఇంకా కొన్ని. ఇప్పుడు క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో శక రాజు రుద్రదాముడి జాబితా తీయండి. ఈ అయిదూ అక్కడా ఉన్నాయి. దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించి, దగ్గరి బంధువని వదిలేశానని కూడా ఆయన రాయించుకున్నాడు. అదీ పొగడ్తే. బంధుత్వంతో వదిలాడో, పూర్తిగా గెలవలేక వదిలాడో ఆయన మాట మీద తేల్చలేం. కానీ ఆ బంధుత్వం కల్పన కాదు. కన్హేరి గుహల్లో ఒక శాసనం అదే శాతవాహన వంశపు మరో రాజు వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణిని, రుద్రదాముడిదైన కార్దమక వంశపు మహాక్షత్రపుడి కూతురిగా చెబుతోంది.

ఇక్కడే నాకు నవ్వొస్తుంది. బాలశ్రీ శాసనంలో కొడుకు 'ఏకబ్రాహ్మణుడు', 'నాలుగు వర్ణాల సంకరాన్ని ఆపినవాడు'. అదే వంశం శకుల పిల్లని చేసుకుంది. ఆ మాటలు చెక్కిందేమో బౌద్ధ భిక్షువులకి ఇచ్చిన గుహ గోడ మీద. కాబట్టి 'వర్ణసంకరం ఆపాడు' అన్నదాన్ని సమాజం అలా ఉందనడానికి ఆధారంగా రాయకండి. రాజు ఎలా కనిపించాలని ఆ ఇంటివాళ్లు కోరుకున్నారో చెప్పడానికి మాత్రం అది మంచి ఆధారం. పరీక్షలో ఈ తేడా రాస్తే మార్కులు పడతాయి.

అదే గుహలో శాతకర్ణి సొంత ఉత్తర్వులు రెండున్నాయి. వాటిలో బిరుదుల హోరు లేదు, మన తాలూకా ఆఫీసు కాగితంలా ఉంటాయి. 18వ ఏట ఒకటి: సైన్యం విడిది నుంచి నాసిక్ దగ్గరి గోవర్ధనంలోని అమాత్యుడికి ఆజ్ఞ. అపర కఖడి గ్రామంలో అంతవరకూ ఉషవదాతుడు, అంటే నహపానుడి అల్లుడు, అనుభవించిన 200 నివర్తనాల పొలాన్ని భిక్షువులకి ఇవ్వమని. నివర్తనం అంటే అప్పటి భూమి కొలత. యుద్ధం గెలిచాడనడానికి బిరుదులన్నిటికన్నా ఈ ఒక్క వాక్యం బలమైన సాక్ష్యం, ఎందుకంటే ఇది ఎవర్నీ మెప్పించడానికి రాసింది కాదు. 24వ ఏట రెండోది, ఈసారి రాజమాత పేరు కూడా కలిసింది: కఖడిలో ఇచ్చిన పొలం సాగవడం లేదు, ఊళ్లో జనం లేరు, కాబట్టి పట్నం పొలిమేరలోని రాజుగారి భూమి నుంచి 100 నివర్తనాలు ఇవ్వండి. మూడు సముద్రాల రాజు దానమిచ్చిన పొలం ఆరేళ్లకి బీడు. పొగడ్తలో ఈ సంగతి ఎప్పటికీ దొరకదు.

మనవాళ్లకి కొంచెం చేదుగా ఉండే మాట ఒకటి. బాలశ్రీ చెప్పిన దేశాల జాబితాలో ఆంధ్ర పేరు లేదు. కొండల జాబితాలో మహేంద్రగిరి ఉంది, మూడు సముద్రాల మాట ఉంది. పేరు లేదు కాబట్టి ఇక్కడ ఆయన పాలన లేదని తేల్చేయడం తొందరపాటు. నాసిక్ గోడ మీద నాసిక్ చుట్టుపక్కల గెలిచినవాటినే ఎక్కువ చెప్పుకుంటారు. అయితే మన అమరావతి స్తూపం దగ్గర దొరికిన శాసనంలో ఉన్న పేరు కొడుకు పులుమావిది. ఈ మాట క్లాసులో చెప్పినప్పుడు ధరణికోట కుర్రాడొకడు లేచి, "అయితే మా ఊళ్లో శాతకర్ణి లేడంటారా సార్?" అన్నాడు. పులుమావి ఉన్నాడు బాబూ, వాళ్ల నాన్నగారి కాగితాలు ఇంకా దొరకలేదు అన్నాను. వాడు ఆ సెలవుల్లో స్తూపం చుట్టూ తిరిగి, ఒక్క అక్షరమూ లేని సీసపు ముక్క తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.