కెపాసిటర్ సర్క్యూట్‌లో ఫేజ్ కోణం 37 డిగ్రీలా, 53 డిగ్రీలా?

"అన్నా, హన్మకొండల ఇంటర్ సెకండియర్. 30 ఓమ్‌ల రెసిస్టర్, 79.6 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌ల ఉన్నయ్, 50 హెర్ట్జ్. Z 50 ఓమ్‌లు వచ్చింది. కోణానికి tan φ = ωCR వాడితే 37° వచ్చింది, కీలో 53° ఉంది. ఏది కరెక్ట్?"

తమ్మీ, కీ కరెక్టే. నీ Z కూడా కరెక్టే, కోణం సూత్రం మాత్రం తలకిందులైంది.

ఫ్రీక్వెన్సీని సున్నా వైపు తగ్గిస్తూ పో. అది దాదాపు డీసీయే. ల్యాబ్‌లో ఇదే జతను బ్యాటరీకి కలిపితే అమ్మీటర్ ముల్లు ఒక్కసారి ఎగిరి వెంటనే సున్నాకు పడిపోతుంది, ఎందుకంటే నిండిన కెపాసిటర్ కరెంటును ఆపేస్తుంది. అంటే Z అనంతం కావాలి. నీ Z = √(R² + 1/(ωC)²) అట్లనే పెరుగుతుంది.

ఇప్పుడు కోణం. అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో వోల్టేజీ దాదాపు మొత్తం కెపాసిటర్ మీదే పడుతుంది, R లెక్కలోకే రాదు. కాబట్టి కరెంటు 90° ముందుండాలి. నీ ωCR మాత్రం సున్నాకు పోతోంది, అంటే కెపాసిటరే లేనట్టు! తిరగేసి tan φ = 1/(ωCR) రాస్తే 40/30, కోణం 53.1°. (సరిగ్గా సున్నా దగ్గర కరెంటే ఉండదు, అక్కడ కోణానికి అర్థం లేదు. అందుకే దగ్గరికి పోతూ చూడాలి.)

ఒక్కటి గుర్తుంచుకో, ఈ పరీక్షకు 2π మర్చిపోయిన తప్పు దొరకదు. ω బదులు 50 వేస్తే రియాక్టెన్స్ 40 పోయి 251 ఓమ్‌లు అవుతుంది, అయినా సున్నా దగ్గర అంతా సరిగ్గానే కనిపిస్తుంది.