మెచ్చుకోవాల్సింది రాత్రిళ్లను కాదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. కొత్త బిల్లింగ్ రిలీజ్ కోసం మా వాళ్లు మూడు వారాలు అర్ధరాత్రి దాకా పనిచేశారు. మొదటిసారి లైవ్ చేస్తే పాత కస్టమర్ల బిల్లుల్లో పన్ను తప్పు పడి, రోల్‌బ్యాక్ చేసి పాత వెర్షన్‌కే వెళ్లాం. రెండోసారి గట్టెక్కాం. అభినందిస్తూ మెయిల్ రాయాలంటే భయంగా ఉంది. కిందటిసారి 'మీరంతా హీరోలు' అని రాస్తే, 'పిజ్జా, పొగడ్తలతో సరిపెట్టారు' అనుకున్నారట. ఏం రాయను?

జవాబు: 'హీరోలు' అనడానికి ఎవరేం చేశారో తెలియనక్కర్లేదు. వాళ్లకు గుచ్చుకున్నది అదే. ఈసారి రోల్‌బ్యాక్ చేసిన ఆ రాత్రిని గుర్తు చేసుకోండి. లైవ్‌లోనే సరిదిద్దుదామని కూర్చుంటే, గడిచే ప్రతి నిమిషం కొత్త బిల్లులు పడుతూనే ఉంటాయి. ఆలస్యమయ్యేకొద్దీ వెనక్కి తీయడం కష్టమవుతుంది. పన్నులో తప్పును కనిపెట్టిందెవరు, 'ఆపేద్దాం' అన్నదెవరు? వాళ్ల పేర్లు, వాళ్లు చేసిన పని రాయండి.

ఏడింటికే ఇంటికెళ్లినవాళ్లనూ మరవకండి. పసిపిల్ల ఉన్న ఒకామె పగలే రోల్‌బ్యాక్ స్క్రిప్ట్ రాసి, టెస్ట్ చేసి పెట్టి వెళ్లి ఉండొచ్చు. మీరు రాత్రిళ్లనే పొగిడితే ఆమె పనికి విలువ లేనట్టవుతుంది. పైగా వచ్చే రిలీజ్‌కి, పని లేకపోయినా కనిపించడం కోసం కూర్చునేవాళ్లు తయారవుతారు.

ఇక రాత్రిళ్ల మాట. 'మీ త్యాగం' అనొద్దు, వాళ్లు కోరి చేసింది కాదు కదా. అవి ఎందుకు వచ్చాయో ఉన్నదున్నట్టు చెప్పండి. క్లయింటు చివర్లో అడిగిన మార్పుకి మీరు ఒప్పుకుని ఉంటే అదే రాయండి. దాని పక్కనే, ఆ రాత్రిళ్లకు బదులిచ్చే కాంప్ ఆఫ్ సెలవుల తేదీలు పెట్టండి. 'వీలు చూసుకుని తీసుకోండి' అంటే ఎవరూ తీసుకోరు. ముందే మేనేజర్‌తో ఖాయం చేసుకుని, ఆ రోజుల్లో ఫోన్ ఎవరు ఎత్తాలో కూడా తేల్చండి.

మెయిల్ ఇంతే చాలు:

'బిల్లింగ్ లైవ్‌లో నిలబడింది. మొదటి రాత్రి పన్ను తేడా పట్టింది ఫలానా, రోల్‌బ్యాక్ చేద్దామని పట్టుబట్టింది ఫలానా. ఫలానా రాసిన రోల్‌బ్యాక్ స్క్రిప్ట్ ముందే సిద్ధంగా ఉండబట్టి తప్పు బిల్లులు కస్టమర్లకు వెళ్లలేదు. క్లయింటు చివర్లో అడిగిన మార్పుకి ఒప్పుకున్నది నేను, మీ రాత్రిళ్లు దానివల్లే పోయాయి. గురు, శుక్రవారాలు సగం సగం మందికి సెలవు. ఎవరికి ఏ రోజో కింద ఉంది. థాంక్స్.'

ఇది ఆదివారం రాత్రి పంపకండి, సోమవారం పొద్దున పంపండి. ఇదే వివరం పేర్లతో సహా మీ మేనేజర్‌కి విడిగా రాయండి. అప్రైజల్ నాటికి ఇవన్నీ ఎవరికీ గుర్తుండవు, ఆ మెయిలే వాళ్లకు పనికొస్తుంది.