మెతక పిల్లవాడని ఏడిపిస్తుంటే

నల్లగొండ

చిరంజీవి సౌభాగ్యవతి అయిన నా శిష్యురాలికి ఆశీస్సులు.

అమ్మా, మహబూబ్‌నగర్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఎనిమిదో తరగతిలో మెత్తగా మాట్లాడే పిల్లవాడిని తోటివాళ్లు ‘ఆడంగి’ అని ఏడిపిస్తున్నారనీ, ఏం చేయాలో తోచడం లేదనీ రాశావు. ముందు నేను చేసిన తప్పు చెబుతాను.

దేవరకొండ వైపు ఒక ఊళ్లో పనిచేసేటప్పుడు నా తరగతిలోనూ అలాంటి పిల్లవాడు ఉండేవాడు. ముగ్గులు చక్కగా వేసేవాడు, గొంతు సన్నగా ఉండేది. హాజరు పిలిచినప్పుడు వాడు పలకగానే వెనుక బెంచీ నుంచి ఎవరో అదే గొంతుతో పలికేవారు. తరగతి నవ్వేది. ఒకరోజు నేనూ నవ్వాను. ఆ మరునాటి నుంచి వాడిని పేరుతో పిలిచినవాడు లేడు. మాస్టారే నవ్వాక ఇంకెవరికి భయం?

కొన్నాళ్లకు వాళ్లమ్మ వచ్చి, పిల్లవాడు సాయంత్రం ఇంటికి రాగానే సంచి విసిరేసి పెరట్లోకి పరుగెత్తుతున్నాడని చెప్పింది. పొద్దున నింపిన నీళ్ల సీసా నిండుగానే తిరిగి వస్తోందట. మూత్రశాల దగ్గర నలుగురు కాపు కాసి లాగు లాగుతున్నారని అప్పుడు తెలిసింది. అందుకే వాడు రోజంతా నీళ్లు తాగడం మానేశాడు. నువ్వు కూడా ముందు ఆ సీసా సంగతి కనుక్కో. సోమవారం కడుపునొప్పి, దారి మార్చి ఇంటికి రావడం, మధ్యాహ్న భోజనానికి ఒంటరిగా కూర్చోవడం కూడా చూడు. ‘నిన్ను ఎవరైనా ఏడిపిస్తున్నారా?’ అంటే లేదనే అంటాడు. ‘ఇవాళ ఎవరి పక్కన తిన్నావు?’ అంటే చెబుతాడు.

వాళ్లెందుకు ఇలా చేస్తారని అడిగావు. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య మగపిల్లలకు తమ గొంతు, తమ ఒళ్లే కొత్తగా ఉంటాయి. తామెక్కడ తక్కువ మగవాళ్లుగా కనిపిస్తామోనన్న భయంతో మరొకరిని వేలెత్తి చూపుతారు. ‘ఆడపిల్లలా ఏడుస్తావేమిటి’ అన్న మాట ఇంట్లోనే వింటారు. ఆడపిల్లలా ఉండడం చిన్నతనమని అక్కడే నేర్చుకుంటారు. అదే తరగతిలో కూర్చున్న ఆడపిల్లలూ ఆ మాట వింటూనే ఉంటారు, గుర్తుంచుకో.

ఏడిపించేవాళ్లనూ ఆ పిల్లవాడినీ పిలిచి చేతులు కలిపించకు. నేను మొదట అదే చేశాను. గదిలో చేతులు కలిపారు, బయటికి వెళ్లాక ‘మాస్టారికి చెప్పాడు’ అని ఇంకా ఎక్కువ బాధపెట్టారు. నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ 1970లలోనే బడుల్లో ఈ వేధింపును పరిశీలించి, ఇది సమానుల మధ్య తగాదా కాదని చెప్పారు. బలం ఉన్నవాళ్లు బలం లేనివాడిని పదేపదే బాధపెట్టడం ఇది. అలాంటప్పుడు రాజీ ఎవరితో?

తర్వాత నేను దారి మార్చాను. చేసేవాళ్లను ఒక్కొక్కరిగా, ఒకరికొకరు మాట్లాడుకునే వీలు లేకుండా ఒకే పూట పిలిచాను. పిల్లవాడు చెప్పాడనకుండా, ‘ఇది జరుగుతోందని తెలిసింది, ఇవాళ్టితో ఆగాలి’ అన్నాను, అంతే. కొట్టలేదు. కొడితే బలవంతుడిదే చెల్లుతుందన్న పాఠమే మళ్లీ చెప్పినట్టు. నవ్వేవాళ్లలో నుంచి, లోలోపల ఇది నచ్చని ముగ్గురిని వెతికి, భోజనం దగ్గర వాడి పక్కన కూర్చోమని విడిగా అడిగాను. నవ్వు తగ్గితే ఆటా తగ్గుతుంది. ఇంటర్వెల్‌లో పది నిమిషాలు నేనో, మరో మాస్టారో మూత్రశాల దారిలో నిలబడ్డాం. హాజరులో వెక్కిరింపు వినిపిస్తే కలం ఆపి, నిశ్శబ్దం అయ్యాక వాడి పేరు మళ్లీ పిలిచేవాడిని. ఉపన్యాసం ఇవ్వలేదు. అందరి ముందు వాడి గురించి మాట్లాడితే వాడికి అదో కొత్త అవమానం.

వారం తర్వాత ఒకసారి, పదిహేను రోజులకు మరోసారి వాడిని విడిగా అడిగాను. మొదటి వారం బడిలో తగ్గినా బస్సులో సాగింది. అది కండక్టరుకు చెబితే గానీ ఆగలేదు.

తండ్రితో మాట్లాడటమే కష్టం. ‘కబడ్డీలో వేయండి, మగాడవుతాడు’ అంటాడు. నడక, గొంతు మార్చుకోమంటే తప్పు వాడిదేనని ఇల్లు కూడా ఒప్పుకున్నట్టు. తిరిగి కొట్టమని పంపితే నలుగురి మధ్య ఒక్కడు దెబ్బలు తింటాడు. ‘నువ్వు చెప్పింది నమ్ముతున్నాను, నీకు చెప్పకుండా ఏమీ చేయను’ అనమను. పిల్లవాడు పెద్దయ్యాక ఎవరవుతాడోనని ఇంట్లో ఆరా తీయనివ్వకు, వైద్యం పేరుతో ఎక్కడికీ తిప్పనివ్వకు. మెతకతనం జబ్బు కాదు.

మీ హెడ్మాస్టరు తేలిగ్గా తీసుకుంటే తేదీలతో రాసి ఇవ్వు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. ‘ఆడంగి’ అని పిలిచేది ఉపాధ్యాయుడే అయితే అది నేరుగా వర్తిస్తుంది. చనిపోతానన్న మాట పిల్లవాడి నోట వస్తే ఒక్కరోజు కూడా ఆగకు. ఒంటరిగా వదలకుండా తల్లిదండ్రులను అప్పుడే పిలిపించు, పిల్లల సహాయవాణి 1098కి ఫోను చెయ్యి.

రేపు ఇంటర్వెల్‌లో మూత్రశాల దారిలో నిలబడి చూసి, ఏం కనిపించిందో రాయి.

ఇట్లు,
మీ మాస్టారు