ఆఫర్ వాక్యం ఆటోమేటిక్ అనువాదంలో మారిపోకుండా ఎలా రాయాలి?

ప్రశ్న: మాది చిన్న చీరల దుకాణం. యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు పెడుతున్నాను. తమిళనాడు, మహారాష్ట్ర నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయి. వాళ్లు సబ్‌టైటిల్స్‌ను తమ భాషలోకి మార్చుకుని చూస్తున్నారు, కానీ ఆఫర్ వేరేగా అర్థమవుతోంది. ప్రతి భాషకూ మనిషిని పెట్టే స్తోమత లేదు. స్క్రిప్టులోనే జాగ్రత్త పడే మార్గం ఉందా?

జవాబు:

ఉంది. నేను దాన్ని మా పిన్నిగారి ఊరగాయల వ్యాపారంలో చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. స్క్రిప్టులు రాసేది నేనే కాబట్టి తప్పూ నాదే. ఆ వేసవి వీడియోలో నేను రాసిన వాక్యం ఇది: “రెండు కిలోల ఆవకాయకే పావుకిలో గోంగూర పచ్చడి ఉచితం, ఉచిత డెలివరీ మన రాష్ట్రాలకే, రేపటి వరకే!” చెప్పడానికి బాగుంది, వినడానికీ బాగుంది. తర్వాత వారం రోజులు ఫోన్లు ఎత్తలేక చచ్చాము. నిమ్మకాయ రెండు కిలోలు కొని గోంగూర ఏదని ఒకరు అడిగారు. బెంగళూరుకు అసలు పంపరా అని మరొకరు అడిగారు. నాగ్‌పూర్ నుంచి ఒకావిడ ఆఫర్ నిన్ననే అయిపోయిందా అని అడిగారు.

ఆ వాక్యంలో అసలు షరతులు ఎక్కడున్నాయో చూడండి. మూడు చోట్లా చివరి “ఏ” అచ్చులోనే ఉన్నాయి. ఆవకాయకే, రాష్ట్రాలకే, వరకే. మనకు ఆ ఒక్క అచ్చు చాలు, “ఇంక దేనికీ కాదు” అని అర్థమైపోతుంది. అనువాదంలో అది ఒక్కోసారి నిలుస్తుంది, ఒక్కోసారి జారిపోతుంది. జారిపోయినా వాక్యం చక్కగానే చదువుకోవచ్చు, అదే ప్రమాదం. “ఆవకాయకు గోంగూర ఉచితం” అన్నది తప్పు వాక్యంలా కనిపించదు కదా. మీ “పట్టు చీరలకే తగ్గింపు” కూడా ఇదే కోవలోది. “మాత్రమే” అని విడిగా రాస్తే కొంత మేలు. నేను అక్కడితో ఆగను. వర్తించనిదాన్ని మరో వాక్యంగా చెప్పేస్తాను: “ఈ తగ్గింపు పట్టు చీరలకు మాత్రమే. నూలు చీరలకు తగ్గింపు లేదు.” మొదటి వాక్యంలో “మాత్రమే” పోయినా రెండోది కాపాడుతుంది. ఒకే మాటను రెండుసార్లు చెప్పినట్టు మనకు విసుగు పుడుతుంది, నిజమే. ఆఫర్ దగ్గర ఆ విసుగును నేను భరిస్తాను.

నాగ్‌పూర్ ఆవిడ సంగతి మరీ విచిత్రం. ఆవిడ చదివింది హిందీ అనువాదం. హిందీలో “కల్” అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. క్రియను బట్టి తేల్చుకోవాలి. నా వాక్యంలో క్రియే లేదు! “పర్సోఁ” కూడా అంతే, ఎల్లుండీ అదే, మొన్నా అదే. తమిళంలో ఈ చిక్కు లేదు కాబట్టి చెన్నై వాళ్లెవరూ ఫోను చేయలేదు. అప్పటి నుంచి స్క్రిప్టులో రేపు, ఎల్లుండి, ఈ వారాంతం అన్న మాటలు మానేశాను. వీడియో ఎలాగూ నెలల తరబడి అక్కడే ఉంటుంది. “మే 10 రాత్రి 11:59కి ఈ ఆఫర్ ముగుస్తుంది” అని రాస్తాను. 10-05 అని అంకెల్లో రాయవద్దు, అమెరికాలో ఉన్న మనవాళ్లు దాన్ని అక్టోబరు 5గా చదవవచ్చు. “మన రాష్ట్రాలు” కూడా ఇలాంటిదే. చదివేవారికి “మన” ఎవరో తెలియదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అని పేర్లు రాయాలి.

వస్తువు పేరు కూడా మోసం చేస్తుంది. మనకు “పచ్చడి” అంటే అప్పటికప్పుడు నూరుకునేదీ కావచ్చు, ఏడాది నిల్వ ఉండేదీ కావచ్చు. తమిళంలో ఆ పేరుతోనే పెరుగు కలిపి చేసే వంటకం ఉంది. అందుకే “ఊరగాయ” అని మార్చాను. తమిళంలోనూ దాదాపు అదే మాట, అదే అర్థం. మీ దుకాణంలో అలాంటి మాట “వాపసు” అనుకుంటాను. చీర వెనక్కి తీసుకుంటారా, డబ్బు వెనక్కి ఇస్తారా, మార్చి ఇంకో చీర ఇస్తారా? మూడింటిలో ఏదో రాయండి.

ఇక ఫైలు సంగతి. యంత్రం మాటలు విని తయారుచేసే తెలుగు సబ్‌టైటిల్స్ మీద ఆధారపడకుండా, ప్రతి ముక్కకూ సమయం వేసి సబ్‌టైటిల్స్ రాసే .srt ఫైలును మీరే తయారుచేసి ఎక్కించండి. చూసేవారు ప్లేయర్‌లో Auto-translate ఎంచుకున్నప్పుడు ఆ పాఠమే అనువాదమవుతుంది. నేను చూసినంతలో తెరమీద ఒకసారికి కనిపించే ఒక్కో ముక్కను విడివిడిగా అనువదించినట్టే ఫలితం వస్తుంది. తెలుగులో “కాదు, లేదు, ఇవ్వము” అన్నీ వాక్యం చివరే వస్తాయి కదా. వాక్యం రెండు ముక్కల్లో పడితే షరతు ఒక తెరమీద, దాని కాదనడం మరో తెరమీద పడుతుంది. కాబట్టి ఒక ముక్కకు ఒక పూర్తి వాక్యం, దానికి కర్తా క్రియా రెండూ ఉండాలి. పై ఆఫర్‌ను చివరికి ఇలా రాశాను:

```
7
00:00:31,000 --> 00:00:35,500
మీరు 2 కిలోల ఆవకాయ కొంటే, మేము 250 గ్రాముల గోంగూర ఊరగాయ ఉచితంగా ఇస్తాము.

8
00:00:35,500 --> 00:00:38,500
వేరే ఊరగాయలు కొంటే ఈ ఆఫర్ వర్తించదు.
```

ఆ తర్వాత డెలివరీకి రెండు ముక్కలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు డెలివరీ ఖర్చు లేదు, ఇతర రాష్ట్రాలకు కూడా పంపుతాము కానీ అక్కడి డెలివరీ ఖర్చు కొనేవారు చెల్లించాలి. చివర తేదీ. పిన్ని మాత్రం కెమెరా ముందు తన ధోరణిలోనే చెబుతారు, “రేపటి వరకేనమ్మా” అని కూడా అంటారు. మాట, రాత అక్షరాలా ఒకటే కానక్కర్లేదు, ఆఫర్ ఒకటైతే చాలు. వీడియో మీదే ముద్రించిన అక్షరాలు మాత్రం అనువాదం కావని గుర్తుంచుకోండి. షరతును అక్కడ మాత్రమే పెడితే తెలుగు రానివారికి అది లేనట్టే.

సరిచూసుకోవడానికి మొదట్లో నేను అనువాదాన్ని మళ్లీ తెలుగులోకి తిప్పి చూసేవాడిని. పచ్చడి వంటి తప్పులు అందులో కొన్ని దొరుకుతాయి. “కల్” దొరకలేదు. తిప్పితే మళ్లీ “రేపు” అనే వచ్చింది, అంతా బాగుందనుకున్నాను. ఇప్పుడు ఆ భాష చదివే ఒక్కరికి, పాత కొనుగోలుదారు అయినా సరే, ఆ నాలుగైదు ముక్కలు పంపుతాను. “సరిగా ఉందా?” అని అడిగితే అందరూ ఉందనే అంటారు. అందుకని లెక్క అడుగుతాను. “కిలో ఆవకాయ, కిలో నిమ్మకాయ కొన్నారు. మీకు గోంగూర వస్తుందా? చెన్నైకి డెలివరీ ఎవరు కట్టాలి? మే 10 సాయంత్రం ఆర్డరు పెడితే ఆఫర్ ఉంటుందా?” రాదు, నేనే కట్టాలి, ఉంటుంది అని వస్తే వీడియో పెడతాను. ఒక్కటి తప్పినా ఆ ముక్క తిరగరాస్తాను. మీకైతే రెండు చీరల ధర చెప్పి, చివరికి ఎంత కట్టాలో అడగండి.